లెస్టర్ కొట్లో ఆవ పెట్టిన కూర: పప్పులు, ఆవాలు, పచ్చడి సీసాల పేర్ల చిక్కు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో బయటిదేశం వెళ్ళినవాళ్ళు మొదటి నెలలో ఇంటికి చేసే ఫోన్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "ఇక్కడ అన్నీ దొరుకుతున్నాయమ్మా, కానీ ఏదీ మనదానిలా లేదు." ఈ మాటలో రెండు సగాలూ నిజమే. కందిపప్పు అని తెచ్చింది ఎంతకీ మెదగదు. ఆవ పెట్టిన కూరలో ఘాటు రాదు, చేదు మాత్రం వస్తుంది. ఆవకాయ అని కొన్న సీసా మూత తీస్తే సోంపు వాసన కొడుతుంది. డబ్బు పెట్టి కొన్నదే, పేరు చూసి కొన్నదే. మరి తేడా ఎక్కడ వస్తోంది?

చాలావరకు తేడా సరుకు నాణ్యతలో ఉండదు. ఒకే పేరు కింద వేర్వేరు సరుకులూ, ఒకే సరుకుకు వేర్వేరు పేర్లూ ఉండడంలో ఉంటుంది. ఈ చిక్కు విప్పడానికి ఒక ఊరినీ ఒక కూరనూ తీసుకుందాం. ఊరు ఇంగ్లండులోని లెస్టర్. కూర మన పెళ్ళిళ్ళ విస్తళ్ళలో తప్పక కనిపించే పనసపొట్టు ఆవ కూర. దీనికి కావలసిన సామాను వెతుక్కుంటూ పోతే దాదాపు ప్రతి చిక్కూ దారిలోనే తగులుతుంది.

కొట్టు ఎవరిదో తెలిస్తే సగం పేర్లు తెలిసినట్టే

విదేశాల్లో "ఇండియన్ షాప్" అని బోర్డు ఉన్న కొట్టు నిజానికి ఇండియా మొత్తానికి చెందినది కాదు. ఏ ప్రాంతం వాళ్ళు ముందు ఆ ఊళ్ళో స్థిరపడ్డారో వాళ్ళ వంటింటి భాష ఆ కొట్లో చలామణి అవుతుంది. 1972లో ఉగాండా నుంచి ఇదీ అమీన్ వెళ్ళగొట్టిన ఆసియా కుటుంబాల్లో చాలా మంది లెస్టర్ చేరారు, వాళ్ళలో గుజరాతీలు ఎక్కువ. బెల్‌గ్రేవ్ రోడ్డు చుట్టుపక్కల కిరాణా కొట్లలో అందుకే గుజరాతీ పేర్లు ఎక్కువగా కనబడతాయి. అక్కడ కందిపప్పు తువేర్, మినప్పప్పు అడద్, పెసలు మగ్, ఆవాలు రాయి, నువ్వులు తల్, బెల్లం గోళ్, ఉలవలు కళథి, బొబ్బర్లు చోరా. కొన్ని ప్యాకెట్ల మీద హిందీ పేర్లూ ఉంటాయి. కందిపప్పు తూర్, మినుములు ఉరద్, ఉలవలు కుల్థీ అవుతాయి.

అదే ఊళ్ళో శ్రీలంక తమిళుల కొట్టు ఉంటే అక్కడ భాష మళ్ళీ మారుతుంది. ఉలవలు కొళ్ళు, మినుములు ఉళుందు, ఇంగువ పెరుంగాయం. ఇక్కడ ఒక్క మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. శ్రీలంక కొట్లో ఊరికే "పరుప్పు" అని అడిగితే చేతికి వచ్చేది తరచుగా కందిపప్పు కాదు, ఎర్రగా ఉండే మైసూర్ పప్పు. వాళ్ళింట్లో రోజూ వండే పప్పు అదే కాబట్టి ఆ మాటకు అదే అర్థం. కందిపప్పు కావాలంటే తువరం పరుప్పు అని అడగాలి. మన చోళ్ళ పిండి కూడా ఈ కొట్లలోనే దొరుకుతుంది, ప్యాకెట్ మీద కురక్కన్ అని ఉంటుంది. అంబలికి అలవాటుపడిన వాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకుంటే మంచిది.

టర్కీ వాళ్ళ కొట్లలో ఎర్ర మైసూర్ పప్పు, శనగలు, నువ్వులు, జీలకర్ర బాగుంటాయి, కందిపప్పు, మినప్పప్పు మాత్రం సాధారణంగా ఉండవు. జర్మనీ వంటి చోట్ల మొదట కనబడేది ఈ కొట్లే కాబట్టి ఈ సంగతి తెలిస్తే వృథా తిరుగుడు తగ్గుతుంది.

ఇక సూపర్‌మార్కెట్లు. వాటిలో రెండు పొరపాట్లు బాగా జరుగుతాయి. "ఎల్లో స్ప్లిట్ పీస్" అనే ప్యాకెట్ దూరం నుంచి శనగపప్పులానో కందిపప్పులానో ఉంటుంది కానీ అది బఠానీ పప్పు. కందిబద్ద పలచగా, అంచు సన్నగా ఉంటుంది. బఠానీ బద్ద నున్నగా, సగం గోళీలా గుండ్రంగా ఉంటుంది. రెండోది "బ్లాక్ లెంటిల్స్". నల్లగా ఉంది కదా, మినుములేనని కొంటారు. చాలాసార్లు అది బెలూగా అనే చిన్న మసూర్ రకం. దాన్ని నానబెట్టి రుబ్బితే జిగురు రాదు, ఇడ్లీ పొంగదు. ఇడ్లీకి కావలసిన మినపగుళ్ళు గుజరాతీ కొట్లో "అడద్ గోటా", మరికొన్ని చోట్ల "ఉరద్ గోటా" అనే పేరుతో ఉంటాయి.

కందిపప్పు ఉడకకపోతే తప్పు పప్పుదా, నీళ్ళదా

సరైన ప్యాకెట్టే కొన్నా పప్పు ఉడకడం లేదన్న ఫిర్యాదు ఎక్కువ. దీని వెనుక మూడు కారణాలు ఉండవచ్చు, మూడింటినీ విడదీసి చూడాలి.

ముందు సరుకు సంగతి. 2006లో ఇండియా పప్పుల ఎగుమతిని నిషేధించింది. 2017లో గానీ ఆ నిషేధం పూర్తిగా ఎత్తివేయలేదు. నిషేధం ఉన్న ఆ ఏళ్ళలో విదేశీ మార్కెట్లకు కందులు ఎక్కువగా మలావి, టాంజానియా, మొజాంబిక్, మయన్మార్‌ల నుంచి వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. కొన్న ప్యాకెట్ వెనుక ఆ దేశాల పేర్లు ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. గింజ రకం వేరు, నేల వేరు, నిల్వ కాలం వేరు. మన ఊరి కందిపప్పు వాసన లేదని అనిపించడంలో కల్పన ఏమీ లేదు. మూకుట్లో దోరగా వేయించి ఉడకబెడితే ఆ లోటు కొంత తీరుతుంది. అలాగని అది నాసిరకం అనడం కూడా సరికాదు. కొత్త పంట అయితే బాగానే మెదుగుతుంది.

రెండోది నూనె రాసిన పప్పు. ప్యాకెట్ మీద "తూర్ దాల్ ఆయిలీ" అని ఉంటే పురుగు పట్టకుండా పప్పుకు పలచగా నూనె పట్టించారని అర్థం. గుజరాతీ ఇళ్ళలో ఇదే ఎక్కువగా వాడతారు. గోరువెచ్చని నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగితే జిడ్డు పోతుంది, ఉడకడంలో తేడా ఏమీ ఉండదు. మనకు అలవాటైన పప్పు "ప్లెయిన్" అనో "డ్రై" అనో రాసిన ప్యాకెట్‌లో ఉంటుంది.

మూడోది నీళ్ళు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇంగ్లండులో చాలా చోట్ల కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళు కాచే కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతోందంటే ఆ నీళ్ళు అలాంటివే. అందులోని కాల్షియం పప్పు గింజ గోడల్లోని పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది, అందుకే బద్ద బద్దగానే ఉండిపోతుంది. పప్పు మెత్తబడకముందే చింతపండో టమాటావో వేస్తే పులుపు వల్ల కూడా ఇలాగే అవుతుంది.

తప్పు ఎవరిదో తేల్చుకోవడం కష్టం కాదు. రెండు గుప్పెళ్ళ పప్పు తీసుకుని ఒకటి కుళాయి నీళ్ళలో, ఒకటి ఫిల్టర్ చేసిన నీళ్ళలో ఒకే సేపు ఉడకబెట్టాలి. రెండూ గట్టిగానే ఉంటే పప్పు పాతది, కొట్టు మార్చాలి. ఫిల్టర్ నీళ్ళలోది మెదిగి, కుళాయి నీళ్ళలోది మెదగకపోతే తప్పు నీళ్ళది. అప్పుడు చిటికెడు వంటసోడా చాలు. ఎక్కువ పడితే సబ్బు రుచి వస్తుంది కాబట్టి ఆ చిటికెడు దాటకూడదు.

ఆవాల్లో రెండు జాతులు: ముక్కుకెక్కేది, నాలుకను మాత్రమే తాకేది

మన రెండు జిల్లాల వంటకు అసలు కీలకం ఇక్కడే ఉంది. చాలా ప్రాంతాల్లో ఆవాలంటే ముఖ్యంగా పోపు దినుసు. పోపులో చిటపటలాడితే చాలు, ఏ ఆవాలైనా పెద్ద తేడా తెలియదు. మనం పెండలానికి, పనసపొట్టుకు, అరటికాయకు ఆవ పెడతాం. పచ్చి ఆవ రుబ్బి కలిపినప్పుడు తప్పుడు ఆవాలు దాక్కోలేవు.

విదేశీ కొట్లలో ప్రధానంగా రెండు జాతులు కనబడతాయి. ఒకటి గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండే మన ఆవాలు. రెండోది పసుపు లేక తెలుపు ఆవాలు. యూరప్ సూపర్‌మార్కెట్లలో "మస్టర్డ్ సీడ్స్" అని మాత్రమే రాసి ఉంటే చాలాసార్లు ఈ తెల్లవే ఉంటాయి. గింజ కాస్త పెద్దది, లేత పసుపు రంగులో ఉంటుంది.

రెండింటికీ ఘాటు ఉంది కానీ ఆ ఘాటు వేరు. పొడి ఆవగింజలో ఘాటు ఉండదు. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు అందులోని ఒక ఎంజైమ్ పని మొదలుపెట్టి ఘాటును పుట్టిస్తుంది. మన ఆవాల్లో పుట్టే పదార్థం ఆవిరై గాలిలోకి లేస్తుంది, అందుకే ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది. తెల్ల ఆవాల్లో పుట్టేది ఆవిరి కాదు, నాలుక మీద చురుక్కుమని అక్కడే ఆగిపోతుంది. ఆవ కూర తిన్నప్పుడు ముక్కు పుటాలు అదిరితేనే అది ఆవ కూర. తెల్ల ఆవాలతో ఎంత రుబ్బినా అది రాదు.

కొన్నది ఏదో తెలియకపోతే పరీక్ష సులువు. ఒక చిన్న చెంచాడు గింజలు దంచి, చల్లటి నీళ్ళు కొన్ని చుక్కలు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి. మూత తీసి వాసన చూస్తే ముక్కులోకి సూటిగా కొట్టాలి. కొట్టకపోతే అవి తెల్ల ఆవాలు, లేదా మరీ పాతబడినవి.

ఈ ఎంజైమ్ సంగతి తెలిస్తే మన అమ్మమ్మలు చెప్పిన జాగ్రత్తలకు కారణాలు కూడా దొరుకుతాయి. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. పొయ్యి మీద ఉన్న కూరలో ఆవ కలిపితే ఘాటు పోయి చేదు మిగిలేది అందుకే. మిక్సీలో చాలాసేపు తిప్పితే జారు వేడెక్కి అదే నష్టం జరుగుతుంది. పులుపు ఈ పనిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఆవను ముందు ఉత్త చల్లటి నీళ్ళతోనే నూరి, పది నిమిషాలు ఆగి, ఆ తర్వాతే పులుపున్న కూరలో కలపాలి. నూరిన వెంటనే నాకి చూస్తే కొంత చేదుగా ఉంటుంది. ఆ కాసేపు ఆగితే చేదు తగ్గి ఘాటు పైకొస్తుంది.

గుజరాతీ కొట్లలో మనవాళ్ళు చాలామంది చూడకుండా దాటిపోయే సరుకు ఒకటుంది. పేరు రాయి కురియా. పచ్చళ్ళ కోసం పొట్టు తీసి పగలగొట్టిన ఆవపప్పు అది. పొట్టు లేదు కాబట్టి నూరినప్పుడు నల్లటి రవ్వ ఉండదు, చేదూ తక్కువ. ఆవకాయకూ ఆవ కూరకూ బాగా పనికొస్తుంది, కానీ పై పరీక్ష చేసి తీసుకోవడం మంచిది. దాని పక్కనే మెంతి బద్దలు "మేథీ కురియా" పేరుతో ఉంటాయి. మరో ప్యాకెట్ "అచార్ మసాలా" అని ఉంటుంది. ఇది మాత్రం వేరు. అందులో కురియాతో పాటు ఉప్పు, కారం, ఇంగువ, నూనె ముందే కలిపి ఉంటాయి. దాన్ని ఆవపిండి అనుకుని కొలత ప్రకారం వేస్తే ఉప్పు రెండింతలవుతుంది.

నూనె: పప్పునూనెకు ఇంకో పేరు

మన పెద్దలు పప్పునూనె అనే నువ్వుల నూనె కోసం "సెసమీ ఆయిల్" అని వెతికితే చైనా సరుకుల అరలో ముదురు గోధుమ రంగు సీసా దొరుకుతుంది. అది నువ్వుల్ని బాగా వేయించి తీసిన నూనె. వండిన దాని మీద చివర్లో రెండు చుక్కలు వేసుకోవడానికి చేసినది. దానితో పోపు పెడితే మాడు వాసన వస్తుంది, ఆవకాయ కలిపితే సీసా అంతా పాడైనట్టే. మనకు కావలసినది తమిళుల కొట్లలో, పెద్ద ఇండియన్ కొట్లలో "జింజెలీ ఆయిల్" అనే పేరుతో ఉంటుంది. లేత బంగారు రంగు, మెత్తని వాసన.

ఆవనూనె సీసాల మీద "పైపూతకు మాత్రమే" అన్న హెచ్చరిక చూసి కొందరు కంగారుపడతారు. అందులో ఎరూసిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి అమెరికా, ఐరోపా దేశాలు దాన్ని వంటనూనెగా అమ్మడంపై ఆంక్షలు పెట్టాయి. మన వంటకు ఆ నూనె అవసరం లేదు కనుక ఆ చర్చను ఇక్కడితో వదిలేయవచ్చు.

పనసపొట్టు కూర లెస్టర్‌లో చేస్తే

బొబ్బిలి నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్ళిన ఒక అమ్మాయి ఈ కూర చేయాలనుకుందని అనుకుందాం. ఉద్దానం నుంచి వచ్చే పనసకాయా, దాన్ని కత్తిపీట మీద పొట్టు కొట్టి ఇచ్చే మనిషీ అక్కడ లేరు. డబ్బాలో పనస ఉంది. శాకాహారులు మాంసం బదులు వాడుకోవడంతో ఇప్పుడు సూపర్‌మార్కెట్లలో కూడా దొరుకుతోంది.

డబ్బా మీద రెండు మాటలు చూడాలి. "గ్రీన్" లేదా "యంగ్" అని ఉండాలి, "ఇన్ బ్రైన్" లేదా "ఇన్ వాటర్" అని ఉండాలి. "ఇన్ సిరప్" అని ఉంటే అది పాకంలో వేసిన పండు తొనలు. ఇంకో సంగతి, డబ్బా మొత్తం బరువులో పనస సుమారు సగమే, మిగతాది ఉప్పునీళ్ళు. అందుకే లేబుల్ మీద "డ్రెయిన్డ్ వెయిట్" అనే రెండో అంకె ఉంటుంది. నలుగురికి కూర కావాలంటే ఆ అంకె అరకిలోకు తగ్గకుండా, అంటే సాధారణంగా రెండు డబ్బాలు కొనాలి.

ముక్కల్ని కడిగి, మంచినీళ్ళలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండాలి. లేకపోతే ఉప్పు ఎక్కువవుతుంది. తర్వాత కత్తితో సన్నగా తరిగితే పొట్టులాగానే వస్తుంది. డబ్బాలో పనస ముందే ఉడికి ఉంటుంది కాబట్టి మళ్ళీ ఉడకబెట్టకూడదు, ముద్దవుతుంది. చాలా డబ్బాల్లో నిల్వ కోసం సిట్రిక్ ఆమ్లం కలుపుతారు, ఆ పులుపు ముక్కలో కొంత మిగిలే ఉంటుంది. అందుకని ఇంట్లో నిమ్మకాయంత చింతపండు వేసేచోట ఇక్కడ సగం వేసి, రుచి చూసి, కావాలంటే కలుపుకోవాలి. చింతపండు కూడా థాయ్‌లాండ్ తీపి రకం కాకుండా చూసుకోవాలి. గుల్లతో సహా పెట్టెల్లో అందంగా అమ్మేది అదే.

ఇప్పుడు రెండు చిన్న చెంచాల ఆవాలో రాయి కురియానో, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు కలిపి చల్లటి నీళ్ళతో నూరి పక్కన పెట్టాలి. మూకుట్లో మూడు పెద్ద చెంచాల జింజెలీ నూనె పోసి శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ, కరివేపాకు, పచ్చిమిర్చితో పోపు పెట్టి, పసుపు, పొట్టు, చింతపండు పులుసు వేసి తడి ఆరేదాకా మగ్గనివ్వాలి. దించాక చేత్తో తాకితే చుర్రుమనకుండా ఉండేదాకా ఆగి, అప్పుడు ఆవ కలపాలి. వెంటనే తినేకంటే కొన్ని గంటలు ఊరితే బాగుంటుంది.

ఇంత చేసినా చేదు వచ్చిందంటే ఫోన్‌లో అమ్మ అడిగే మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న: "పొయ్యి మీదుండగానే ఆవ కలిపేసేవేటే?" కాదంటే రెండో ప్రశ్న ఆవాల ప్యాకెట్ రంగు గురించి అడగాలి. కూర పుల్లగా, ఉప్పుగా ఉందంటే పనసను సరిగా పిండలేదన్నమాట.

పచ్చడి సీసా మీద లావు అక్షరాలు

పచ్చడి కొనడంలో పేరు కంటే నమ్మదగినది సీసా వెనుక ఉన్న సన్న రాతలు. బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ లేబుల్ మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. అలర్జీ కలిగించే 14 రకాల పదార్థాలు ఉంటే వాటిని విడిగా తెలిసేలా, సాధారణంగా లావు అక్షరాల్లో చూపాలి. ఆ 14లో ఆవ ఉంది, నువ్వులు ఉన్నాయి, వేరుశనగ ఉంది, గోధుమ ఉంది. అలర్జీ ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఈ నిబంధన ఆవకాయ వెతుక్కునే మనకు చాలా మేలు చేస్తుంది.

ఎలాగంటే, లావు అక్షరాల్లో ఆవపొడి, నువ్వుల నూనె రెండూ ఉండి, వరుసలో ఆవపొడి మామిడి, నూనె, ఉప్పు, కారాలకు దగ్గరగానే ఉంటే అది మన పద్ధతి ఆవకాయకు దగ్గరగా ఉంటుంది. నువ్వుల బదులు వేరుశనగ ఉంటే అదీ తెలుగు పచ్చడే అయ్యుండవచ్చు, నూనె మాత్రమే మారింది. ఆవనూనె అని ఉండి, సోంపు, కలోంజీ గింజల పేర్లు కూడా ఉంటే అది ఉత్తరాది ఆమ్ కా అచార్. దానికీ తనదైన రుచి ఉంది, కానీ ముద్దపప్పు అన్నంలో మనం కోరుకునేది అది కాదు. ఆవ అన్న మాట రెండు సీసాల మీదా లావుగానే ఉంటుంది, అందుకని అది ఆవపొడా, ఆవనూనెనా అన్నది చదవాలి. చివర్లో విడిగా "ఉండవచ్చు" అని రాసే పేర్లు ఈ లెక్కలోకి రావు. అవి అదే కర్మాగారంలో వాడే ఇతర సరుకుల గురించిన హెచ్చరిక మాత్రమే. అమెరికాలో ఈ కిటుకు సగమే పనిచేస్తుంది. అక్కడ నువ్వులు 2023 నుంచి తప్పనిసరి జాబితాలో చేరాయి, ఆవ చేరలేదు.

ఇంగువ డబ్బా మీద గోధుమ లావు అక్షరాల్లో ఉండడం కూడా ఇందుకే. అమ్మే ఇంగువలో చాలాభాగం పిండి, బంక కలిపినదే. గోధుమ పడనివాళ్ళు బియ్యప్పిండి కలిపిన రకం వెతుక్కోవాలి.

లేబుల్‌లో ఇంకో అంకె ఉపయోగపడుతుంది, అది వంద గ్రాములకు ఉప్పు ఎంతన్నది. ఇంటి లెక్కతో పోల్చి చూద్దాం. కిలో మామిడి ముక్కలకు కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఉప్పు 180, మెంతులు 20, నూనె 400 గ్రాములు కలిపితే మొత్తం రెండు కిలోలు. అంటే వంద గ్రాముల ఆవకాయలో ఉప్పు 9 గ్రాములు. నిలవ ఉంచేది ఆ ఉప్పు, మామిడి పులుపు, పైన తేలే నూనె. సీసా మీద ఉప్పు దీనికి బాగా తక్కువగా ఉంటే నిలవకు వేరే దారి పట్టారన్నమాట. పైన వెనిగరో ఎసిటిక్ ఆమ్లమో రాసి ఉందేమో చూడాలి. ఆ ఘాటైన పులుపు నచ్చనివాళ్ళు ఆ సీసా వదిలేయవచ్చు. బెల్లం ఆవకాయ కోసం వెతికేవాళ్ళు పంచదార పేరుతో ఉన్న అంకెతో పాటు పదార్థాల్లో బెల్లం ఉందో లేదో చూడాలి. తీపి ఉన్న మామిడి సీసాల్లో ఎక్కువ భాగం గుజరాతీ ఛుందోనో, పంచదార పాకం చట్నీనో ఉంటాయి.

ఈ లెక్కతో అక్కడే ఆవకాయ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. వేసవిలో గుజరాతీ కొట్లకు పచ్చడి కోసం రాజాపురి పచ్చి మామిడి వస్తుంది, గట్టిగా పుల్లగా ఉంటుంది. ఒకటే హెచ్చరిక, ఉప్పును గిన్నెతో కొలవకూడదు, తూకం వేయాలి. అక్కడి సన్న ఉప్పు ఒక గిన్నెడు మన గళ్ళుప్పు గిన్నెడు కంటే బాగా బరువు. కారం విషయంలో కశ్మీరీ రకం రంగు ఇస్తుంది, మంట ఇవ్వదు. సూపర్‌మార్కెట్ "చిల్లీ పౌడర్"లో కొన్నింట జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిపి ఉంటాయి కాబట్టి అది పచ్చడికి పనికిరాదు.

ఇంటి నుంచి మోసుకెళ్ళాలా, అక్కడే కొనాలా

ఈ విషయంలో ప్రతి ఇంట్లో రెండు పక్షాలుంటాయి. అన్నీ కట్టి పంపాలనే పక్షానికి బలమైన కారణమే ఉంది. నమ్మకమైన చేతి పచ్చడి, తెలిసిన మిల్లు కారం ఏ కొట్లోనూ దొరకవు, కొత్త దేశంలో మొదటి నెల ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. అక్కడే కొనుక్కోమనే పక్షం మాటలోనూ నిజముంది. చెక్-ఇన్ బరువుకు హద్దు ఉంది, పప్పులతో దాన్ని నింపితే చలిబట్టలకూ పుస్తకాలకూ చోటుండదు.

ఇద్దరి మధ్య గీత సరుకును బట్టి గీయవచ్చని నా అభిప్రాయం. బరువెక్కువై, పై పేర్లు తెలిస్తే ఏ పెద్ద ఊళ్ళోనైనా దొరికేవి అక్కడ కొనాలి. కందిపప్పు, మినపగుళ్ళు, చింతపండు, నూనె, ఆవాలు ఈ కోవలోవి. తేలికగా ఉండి, రుచి మారితే కూరే మారిపోయేవి ఇంటి నుంచి తీసుకెళ్ళాలి. ఒక కిలో పచ్చడి కారం, నువ్వుపొడి, వడియాలు, ఊరమిరపకాయలు, ఒక్క సీసా ఇంటి పచ్చడి. పచ్చడిని విమానాశ్రయ తనిఖీలో ద్రవంగానే లెక్కేస్తారు కాబట్టి చేతిసంచిలో పెట్టకూడదు, రెండు కవర్లలో బిగించి పెద్ద పెట్టెలోనే పెట్టాలి.

కొన్నింటిని మాత్రం ఎంత ఇష్టమైనా మానుకోవాలి. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి ప్రయాణికులు తీసుకెళ్ళడానికి వీల్లేదు. అందువల్ల కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంటి దగ్గరే ఉంచేయాలి. నెయ్యి అక్కడి కొట్లలో డబ్బాల్లో దొరుకుతుంది. ఉద్దానం వైపు వాళ్ళు తప్పకుండా కట్టే ఎండుకొబ్బరికి వేరే అడ్డంకి ఉంది. నూనె ఎక్కువగా ఉండి తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని 2022 నుంచి మన దేశ విమానాశ్రయాల్లో చెక్-ఇన్ సామానులోకి కూడా కురిడీ కొబ్బరిని అనుమతించడం లేదు. పెట్టె విప్పించి తీయిస్తారు. అక్కడి కొట్లలో తురిమి ఎండబెట్టిన కొబ్బరి "డెసికేటెడ్ కోకోనట్" పేరుతో అమ్ముతారు. పంచదార కలపని రకం చూసి తీసుకుంటే కొబ్బరికారానికి సరిపోతుంది.